రుజువు లేని ఆవు

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినమని మా ఇంట్లోవాళ్లు కొత్తవాళ్లకి ముందే చెప్పేస్తారు. మిగిలిన సగంలో ఎంత నమ్మొచ్చో మాత్రం మా వదిన ఒక్కతే చెప్పగలదు. మా అన్న చెప్పలేడా అంటే, ఆయనకి నా కథల్లోకి రావడమే ఇష్టం ఉండదు. కాబట్టి ఇందులోనూ రాడు.

ముప్పై ఏళ్లుగా నేను డబ్బాల మీద, సీసాల మీద, సంచుల మీద మాటలు రాసి బతుకుతున్నాను. ఊరగాయ సీసా మీద ‘అమ్మమ్మ చేతి రుచి’ అని రాశాను. ఆ ఊరగాయ కలిపింది మోటారు. దానికి మనవలు లేరు. అగరుబత్తి పెట్టె మీద ‘ఋషులు మెచ్చిన పరిమళం’ అని రాశాను. ఏ ఋషి, ఎప్పుడు మెచ్చాడు అని ఇప్పటిదాకా ఒక్క కొనుగోలుదారూ ఉత్తరం రాయలేదు. అడిగేవాడు లేనప్పుడు అబద్ధం ఎంత హాయిగా ఒళ్లు చేస్తుందో నాకు తెలిసినంతగా ఈ బెంగళూరులో ఇంకెవరికీ తెలీదు.

మా వదిన అలా కాదు. పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో ఇన్‌స్పెక్షన్ గదిలో ఇరవై ఏళ్లు పనిచేసింది. వేరే కంపెనీల మెషిన్లలోకి వెళ్లే చిన్న చిన్న ఇనుప ముక్కల్ని కొలిచి, సరిగ్గా ఉందో లేదో చెప్పడం ఆమె పని. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్రతి ముక్కకీ దారంతో ఒక అట్ట ట్యాగు కట్టాలి. ఇనుము ఎక్కడ్నుంచి వచ్చింది, ఎవరు కోశారు, ఎవరు కొలిచారు, అన్నీ దాని మీద రాసి సంతకం పెట్టాలి. ట్యాగు లేని ముక్క గది మూలన ఉన్న ఎర్ర డబ్బాలోకి పోవాల్సిందే. అద్దంలా మెరుస్తున్నా సరే, కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నా సరే. నేనొకసారి వాదించాను కూడా.

“బాగుండేదాన్ని పారేస్తే పాపం కదా వదినా?”

“బాగుండాదని ఎవరు చెప్పినారప్పా?”

“కళ్లకి కనిపిస్తోంది కదా.”

“కళ్లకి నువ్వూ మంచోడిగానే కనపడతావు,” అంది.

ఆ ఉద్యోగం మానేశాక అదే వీధిలో ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని సంచులు చేయడం మొదలుపెట్టింది. ముందు మామూలు ప్లాస్టిక్ సంచులు. తర్వాత వాటి మీద నిషేధాలు ముదిరాక కంపోస్ట్ అయ్యే సంచులకి మారింది. ఆ సంచి పుట్టడం చూడాలి మీరు. తెల్లటి గుళికలు గరాటులో పోస్తే కింద కరిగి, గాలి పోసుకుని, షెడ్డు కప్పు దాకా నిలువునా పొడుగాటి బుడగలా లేస్తుంది. పైన రోలర్ల మధ్య నలిగి పలచటి గొట్టమై కిందికి దిగుతుంది. దాన్ని కోసి, అడుగు అతికిస్తే సంచి. మొదటిసారి చూసినప్పుడు దేవుడు మొదట బెంగళూరు ఆకాశాన్ని ఇలాగే ఊది ఉంటాడని అందరికీ చెప్పాను. వదిన విని, “ఆ బుడగ పగిలితే మళ్లీ ఎక్కించేదానికి అర్ధగంట పడ్తాది, ఆ సంగతి కూడా చెప్పు,” అంది.

ఆ సంచికి సర్టిఫికెట్ ఉంది. కంపోస్ట్ అయ్యే సంచి చేసి అమ్మాలంటే ప్రభుత్వం దగ్గర్నుంచి అది తీసుకోవాల్సిందే. వదిన నమూనాలు పరీక్షకి పంపి, నెలల తరబడి ఎదురుచూసి తెచ్చుకుంది. అద్దం ఫ్రేములో కట్టించి, దేవుడి పటాల పక్కన కాకుండా కొలతల బల్ల ఎదురుగా తగిలించింది.

ఆ ధైర్యంతో రెండో మెషిన్ కూడా పెట్టింది. దాని మీద ముగ్గురు ఆడవాళ్లు పనికి కుదిరారు. కానీ ఆ మెషిన్‌కి సరిపడా ఆర్డర్లు రాలేదు. ఒక్క పెద్ద ఆర్డరు మీదే ఆశంతా. బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద ఐటీ ఆఫీసు. వాళ్ల క్యాంటీన్ల చెత్తడబ్బాలకి ఏడాది పొడుగునా సంచులు కావాలి. అది రాకపోతే మెషిన్ ఆపి ఆ ముగ్గుర్నీ ఇంటికి పంపాలి. వదిన ఆ మాట నాతో ఒక్కసారే అంది, అదీ మెషిన్ వైపు తిరిగి.

సరిగ్గా అప్పుడే హిందూపురంలో ఆమె పినతల్లి మనవరాలి పెళ్లి పడింది. రెండు రోజులు వెళ్తూ, “నమూనా సంచులు ఐదు, ఒక కాగితం పంపాల. కాగితం నువ్వు రాయి. సుమ్నె సంచి గురించి రాయి, చాలు,” అంది. సుమ్నె అంటే కన్నడంలో ఊరికే అని. ఆ మాట వినగానే నాకు రెక్కలొచ్చాయి. ఊరికే రాయమంటే ఇష్టమొచ్చింది రాయమనే అర్థం చేసుకునే మనిషిని నేను.

ఇక్కడ ఆవు గురించి చెప్పాలి. దానికి రెండు నెలల ముందు ఒక వస్తుప్రదర్శనలో వదిన స్టాలు దగ్గర కూర్చున్నాను. జనం సంచిని ముట్టుకుని, లాగి చూసి వెళ్లిపోతున్నారు. పక్క స్టాలువాడు బ్యాటరీ బొమ్మలు తిప్పుతుంటే వాడి దగ్గరే గుంపు. నాకు పౌరుషం వచ్చింది. యలహంకలో ఒక ఆవు మా సంచిని తినేసిందనీ, యజమాని ఏడుస్తూ కూర్చున్నాడనీ, మర్నాడు అది మామూలు కంటే రెండు లీటర్లు ఎక్కువ పాలిచ్చిందనీ చెప్పాను. సంచిలో మొక్కజొన్న పిండి ఉంది మరి! సాయంత్రానికి ఆ ఆవుకి ఒక దూడ పుట్టింది, యజమానికి మోకాళ్ల నొప్పులు తగ్గాయి. గుంపు మా వైపు తిరిగింది. మూడోసారి చెప్పేసరికి నేనే నమ్మేశాను.

కాబట్టి వదిన హిందూపురం వెళ్లిన రెండు రోజుల్లో నేను చేసిన పనులివి. కాగితం మీద ‘పర్యావరణ హితం’ అని తాటికాయంత అక్షరాలతో రాశాను. కింద ‘నూరు శాతం సహజం’, ‘ప్లాస్టిక్ లేనిది’, ‘మట్టిలో వేస్తే మాయం’. అంచున ఆవు బొమ్మ, ‘పశువులకు సైతం సురక్షితం’. నమూనా సంచులు మరీ పలచగా ఉన్నాయనిపించి మెషిన్ నడిపే ఆమెతో, “కొంచెం బలంగా ఉండాలమ్మా, పెద్ద కంపెనీకి పోతోంది,” అని చెప్పి మందం పెంచించాను. తెల్లగా బోసిగా ఉన్నాయని పక్క వీధి ప్రింటర్ దగ్గరికి తీసుకెళ్లి, ఒక్కో సంచి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పచ్చటి ఆకు అచ్చేయించాను. అబ్బ, ఎంత అందంగా ఉందో! అరటాకులో భోజనం పెట్టినట్టుంది. పార్సిల్ కట్టి పంపేశాను.

వదిన బస్సు దిగేలోపే జవాబు వచ్చింది. ఆ ఆఫీసులో ఇలాంటివన్నీ చూసే మేడమ్ గురువారం షెడ్డుకి వస్తుంది. ఫోనులో తెలుగే, గుంటూరు వైపు తెలుగు. నాతోనే మాట్లాడింది. “సార్, మీ బ్రోషర్ చూశాను. చాలా క్లెయిమ్స్ ఉన్నాయి. ఒక్కోదానికి ఎవిడెన్స్ రెడీగా పెట్టుకోండి. ముఖ్యంగా ఆ ఆవు టెస్ట్ రిపోర్ట్.”

“ఏ ఆవు అండీ?” అన్నాను.

“అదే నేనూ అడుగుతున్నాను,” అంది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఎవరో అడిగారు!

వదిన నా కాగితం చదువుతుంటే నేను షెడ్డు తలుపుకి దగ్గరగా నిలబడ్డాను, అవసరమైతే పారిపోవచ్చని. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కాగితాన్ని కొలతల బల్ల మీద పరిచింది. సొరుగులోంచి అట్ట ట్యాగుల కట్ట, దారం తీసింది. షెడ్డు మూలన ఉన్న ఎర్ర డబ్బాని కాలితో బల్ల పక్కకి లాగింది. పాత ఉద్యోగం నుంచి తెచ్చుకున్న అలవాట్లలో ఆ డబ్బా ఒకటి.

“కత్తెర తీసుకో. ఒక్కో మాట కోసి నాకియ్యి,” అంది.

నేను ‘పర్యావరణ హితం’ కోసి ఇచ్చాను.

“దేనికి హితం? సంచికా, సంచి చుట్టిన కవరుకా, ఈ షెడ్డు తాగే కరెంటుకా? దేంతో పోలిస్తే? కాగితం యాడుండాది?”

“అది భావం వదినా.”

“భావానికి ట్యాగు కట్టలేనప్పా.” డబ్బాలో పడింది.

‘నూరు శాతం సహజం’ ఇచ్చాను. గుళికల కంపెనీవాళ్లు ఇచ్చిన వివరాల కాగితం తీసి నా ముందు పెట్టింది. అందులో మొక్కజొన్న పిండి పదార్థం కొంతే. మిగతాది కంపోస్ట్ అయ్యేలా తయారుచేసిన ప్లాస్టిక్, అందులోనూ కొంత పెట్రోలియం నుంచే వచ్చేది. “సహజమంట! నువ్వు సహజం, నీ అబద్ధాలు సహజం.” అదీ పోయింది. దాని వెనకే ‘ప్లాస్టిక్ లేనిది’. “ఇది ప్లాస్టిక్కేనప్పా. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్. పేరు దాచిపెడితే జాతి మారుతుందా?”

తర్వాత ‘మట్టిలో వేస్తే మాయం’ అందించాను. ఎవరి మట్టి అని అడిగింది. మన సర్టిఫికెట్‌కి చేసిన పరీక్ష పెద్ద కంపోస్టు యార్డులో పుట్టే వేడికి సంబంధించింది. పూలకుండీలో అంత వేడి ఉండదు. చెరువు గట్టున ఉండదు. రోడ్డు పక్కన అసలే ఉండదు. “ఈ మాట నమ్మి ఎవరన్నా తోటలో పూడ్చిపెట్టి, ఏడాది తర్వాత తవ్వితే మన సంచి మన పేరుతోనే పైకొస్తుంది.”

మిగిలింది ఆవు. దాన్ని నేనే మర్యాదగా కోసి అందించాను. ఆమె దాన్ని బల్ల మీద నా వైపు తిప్పి పెట్టింది.

“నవ్వులాటకి చెప్పినావు, సరే. అచ్చేసి ఎవరికో పంపినావే. నమ్మి ఎవరన్నా మిగిలిన అన్నంతో పాటు సంచిని కూడా ఆవుకి పెడితే? దాని కడుపులో పరీక్ష చేసింది ఎవరు, నువ్వా?”

కత్తెర పక్కన పెట్టి, ఆవుని నా చేత్తోనే డబ్బాలో వేశాను.

ఆఖరికి బల్ల మీద సంచి కొలతలు, ఫోన్ నంబరు, ‘కంపోస్ట్ అవుతుంది’ అనే మాట మిగిలాయి. నేను తేరుకుని, గోడ మీది ఫ్రేము చూపించి, “దానికి రుజువు అదిగో!” అన్నాను గర్వంగా.

ఆమె నేను అచ్చేయించినవాటిలో పంపగా మిగిలిన ఒక సంచి తెమ్మంది. అంచుని మందం కొలిచే మైక్రోమీటర్‌లో పెట్టి తిప్పింది. మళ్లీ ఇంకోచోట. మళ్లీ ఇంకోచోట. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“ఎంత మందం పెంచమన్నావు?”

“కొంచెమే…”

“సర్టిఫికెట్ ఒక మందం వరకే చెల్లుతుంది. దానికంటే మందమైతే కరిగేదానికి ఎంత కాలం పడ్తాదో ఎవరికి తెలుసు? ఇది దానికంటే ఎక్కువుండాది. ఇంక ఈ ఆకు. పరీక్షకి పోయింది బోసి సంచి, మూలన చిన్న ముద్ర ఉండేది. ఈ రంగులో ఏముందో ఎవరు చూసినారు?”

అప్పుడు నాకు అర్థమైంది. సంచి పచ్చగా కనపడాలని నేను వేయించిన ఆకే దాన్ని సర్టిఫికెట్ బయటికి నెట్టేసింది. గోడ మీద ఉన్న కాగితం నిజం. బ్రూక్‌ఫీల్డ్‌కి వెళ్లిన సంచి మాత్రం ఆ కాగితానికి ఏమీ కాదు. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన బంధువులైపోతారా?

“గురువారం ఏం చేద్దాం వదినా? ఆకు సంగతి ఎత్తకపోతే…”

“ఆ సంచికీ ట్యాగు కడ్తా,” అంది. కట్టింది. ‘సర్టిఫికెట్ బయట. పంపినవాడు: మా మరిది’ అని రాసింది.

గురువారం వచ్చిన మేడమ్‌కి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వీపుకి బ్యాగు, చేతిలో సొంత నీళ్ల సీసా. వస్తూనే షెడ్డంతా తిరిగింది. గుళికల బస్తాల మీద ఏం రాసుందో ఫోటోలు తీసుకుంది. మామూలు ప్లాస్టిక్ బస్తా ఏదైనా ఉందేమోనని మెట్ల కింద కూడా చూసింది. అది చూసి వదిన ముఖం వెలిగింది. తన పాత గదిలో మనిషి మళ్లీ దొరికినట్టు.

కుర్చీలో కూర్చోగానే మేడమ్ నా కాగితం తీసింది. “ఇప్పుడు రూల్స్ ఉన్నాయండీ. గ్రీన్, నేచురల్, ఎకో-ఫ్రెండ్లీ, ఇలాంటి మాట వాడితే దేని గురించో పక్కనే చెప్పాలి, ప్రూఫ్ అందరూ చూసేలా ఉండాలి. నేను మీ దగ్గర కొని, మా ఆఫీసు గోడ మీద అదే మాట పెడితే, రేపు అడిగేది మమ్మల్ని. సో, ఒక్కొక్కటీ చూద్దామా?”

“చూసేదానికేమీ లేదమ్మా,” అని వదిన ఎర్ర డబ్బాని ఎత్తి ఆమె ముందు పెట్టింది. “నువ్వు అడగబోయేవన్నీ దీంట్లో ఉండాయి.”

మేడమ్ డబ్బాలో చెయ్యి పెట్టి ముక్కలు తీసి చదివింది. ‘సహజం’. ‘మాయం’. ఆవు బొమ్మ. నవ్వు ఆపుకోవాలని చూసింది, కాలేదు.

వదిన నవ్వలేదు. నా ఆకు సంచిని, ట్యాగుతో సహా, బల్ల మీద పెట్టింది. “ఇలాంటివి మీకు పంపింది తప్పు. సర్టిఫికెట్ దీనికి చెల్లదు. ఇదిగో, చెల్లేది ఇది.” పలచటి బోసి సంచి పక్కన పెట్టి మైక్రోమీటర్ అందించింది. “నువ్వే కొలువు.”

మేడమ్ కొలిచింది. గోడ మీది కాగితంతో పోల్చింది. తర్వాత నిదానంగా అంది. “మీరు చెప్పకపోతే నేను గోడ మీది సర్టిఫికెట్ నంబరు మాత్రమే చెక్ చేసి వెళ్లిపోయేదాన్నేమోనండీ. మందం కొలిచే వస్తువు నా దగ్గర లేదు.”

“తెలుసమ్మా. నీ బ్యాగు చూసినా.”

“మరి ఎందుకు చెప్పారు?”

“నేను కొలిచినాను గదా,” అంది వదిన. అదొక కారణమా అనిపించింది నాకు ఆ రోజు. ఇప్పటికీ ఆ మాట అప్పుడప్పుడు గుర్తొస్తుంది.

ఆ తర్వాత వదిన చేసింది చూసి నాకు ఒళ్లు మండింది. ఆర్డరు అడక్కుండా పరీక్ష అడిగింది. “సర్టిఫికెట్ ల్యాబులో వేడికి. మీ ఆఫీసు కంపోస్టు యార్డులో వేడి ఎంతో నాకు తెలీదు, నీకూ తెలీదు. ముందు అక్కడే చూద్దాం.” వలసంచుల్లో తన సంచులు పెట్టి, ఒక్కోదానికీ ట్యాగు కట్టి, ఇద్దరి సంతకాలు పెట్టి, ఆఫీసు వెనక యార్డులో క్యాంటీన్ చెత్త కుప్పల్లో పూడ్చాలి. కొన్ని కుప్ప మధ్యలో, కొన్ని అంచున. మూడు నెలల తర్వాత అందరి ముందూ తవ్వాలి. సరేనని మేడమ్ చెయ్యి చాపింది. మూడు నెలలు! ఆ మూడు నెలలూ రెండో మెషిన్ మీద ముగ్గురూ పాత చిన్న ఆర్డర్ల అడుగులు అతికిస్తూ, మధ్యమధ్య నా వైపు చూస్తూ గడిపారు.

తవ్వే రోజుకి ముందు రోజు నేను బ్రూక్‌ఫీల్డ్ వెళ్లాను. యార్డు చూసే తోటమాలి మనవైపు మనిషే. ఆయనకి నా ఆవు కథ రెండు భాగాలు చెప్పి, మూడో భాగం కోసం కుప్పలు కొంచెం తవ్వించాను. మధ్యలో పెట్టిన వలల్లో సంచి లేదు. వల, ట్యాగు, నల్లటి మట్టి, అంతే. దాన్ని చూసి నేను తోటమాలిని కౌగిలించుకున్నాను. తర్వాత అంచుల్లో పెట్టినవి చూశాం. అక్కడ ఆవిరి లేదు, చెయ్యి పెడితే చల్లగా ఉంది. వలలో సంచి పేలికలు పేలికలుగా ఇంకా ఉంది.

అన్నీ ఉన్నచోటే మళ్లీ పూడ్పించి, సాయంత్రం షెడ్డుకి వెళ్లి విషయమంతా చెప్పాను. చెప్పి, “వదినా, రేపు తవ్వేటప్పుడు, అంచువి వానకి పాడయ్యాయని అందాం. మధ్యవి చూపిద్దాం. అబద్ధం కూడా కాదు, వాన వచ్చింది కదా,” అన్నాను.

ఆమె చేస్తున్న పని ఆపలేదు. “రెండో మెషిన్ నడిపే ఆవిడకి ఇంట్లో ఇద్దరు పిల్లలుండారు. నేను మర్చిపోయినాననుకుంటున్నావా?”

“అందుకే చెబుతున్నాను.”

“అందుకే నువ్వు చెప్పేది చెయ్యలేనప్పా. ఒక ఏడాది ఆర్డరు వచ్చి, రెండో ఏడాది ఎరువులో మన పేలికలు తేలితే, అప్పుడు ఆవిడకి ఏం చెప్పేది? వాన వచ్చిందనా?”

మర్నాడు యార్డులో మేడమ్, ఆమె పైఅధికారి, క్యాంటీన్ మనిషి నిలబడి ఉన్నారు. వదిన చీర కొంగు నడుముకి దోపి, ముందు అంచు వలని తీయించింది. దాన్నే బల్ల మీద పెట్టి, పేలికలు వేళ్లతో విడదీసి, ట్యాగు చదివింది. పైఅధికారి ముఖం మాడింది. తర్వాతే మధ్యలోవి తీయించింది. మేడమ్ ఆ నల్లటి మట్టిని జల్లెడ పట్టి చూసింది. ఏమీ మిగల్లేదు.

“అయితే కంపోస్ట్ అవుతుందా, అవదా? సింపుల్‌గా చెప్పండి,” అన్నాడు పైఅధికారి.

“కుప్పని తిరగేస్తే అయితాది సార్. తిరగెయ్యకుంటే అంచుది ఉండిపోతాది. మీ తోటమాలి వారానికొకసారి లోపలిది బయటికి, బయటిది లోపలికి వెయ్యాల. అది చేస్తామంటే నా సంచి తీసుకోండి. చెయ్యలేమంటే వద్దు.”

“మాకు అన్ని డబ్బాలకీ కావాలి. ఫ్లోర్స్‌లో ఉన్న చిన్న డబ్బాలకి కూడా. క్యాంపస్ అంతా గ్రీన్ అని పోస్టర్ వేద్దామనుకుంటున్నాం.”

నేను మనసులో లెక్క వేశాను. ఆ చిన్న డబ్బాలే వందల కొద్దీ. అవి వస్తే రెండో మెషిన్ రెండు షిఫ్టులు తిరుగుతుంది.

“ఆ డబ్బాల్లో ఏం పడ్తాది సార్?”

“కాగితాలు, బాటిళ్లు, ప్యాకెట్లు.”

“అది ఈ యార్డుకి రాదు గదా. పొడి చెత్తకి పోతాది. దాంట్లో నా సంచి దండగ. పైగా రీసైకిల్ చేసే ప్లాస్టిక్‌లో కలిస్తే దాన్నీ పాడు చేస్తాది. వాటికి సంచే వద్దు. డబ్బా కడుక్కోండి.”

పైఅధికారి మేడమ్ వైపు చూశాడు. మేడమ్ నవ్వుతూ, “పోస్టర్ నేను రాస్తాను సార్. చిన్నది,” అంది.

ఆర్డరు వచ్చింది. అనుకున్నదాంట్లో సగం కంటే తక్కువ. క్యాంటీన్ తడి చెత్త డబ్బాలకి మాత్రమే. రెండో మెషిన్ ఒక్క షిఫ్టు తిరుగుతుంది. ముగ్గురూ ఉన్నారు. ఎక్కువ పని ఉంటుందని ఆశపడ్డారు, కొంచెం చిన్నబుచ్చుకున్నారు, కానీ ఉన్నారు. ఆర్డరు వచ్చిన రోజు వాళ్లలో పెద్దావిడ నా దగ్గరికొచ్చి, “ఏమప్పా, ఆవు కథ చెప్పేది మానేసినారా?” అంది. మానలేదు. మెరుగుపరుస్తున్నాను.

ఇక సంచి మూలన అచ్చేయాల్సిన మాటలు. చట్టప్రకారం ఉండాల్సిన సర్టిఫికెట్ నంబరు, తయారుచేసినవాళ్ల వివరాలు ఎలాగూ ఉంటాయి. పరీక్ష కాగితాలు చూడ్డానికి ఫోనుతో చదివే ఒక కోడ్ పెట్టమంది మేడమ్, అయితే ముఖ్యమైన షరతు మాత్రం కోడ్ వెనక దాచకూడదంది. ఆ షరతు నన్ను రాయమంది వదిన. నన్నే! నెల రోజులు పట్టింది. ఋషుల్ని ఒక్క సాయంత్రంలో మెప్పించినవాణ్ణి, నాలుగు వాక్యాలకి నెల. రాసిన ప్రతి మాటా బల్ల మీదికి వెళ్లేది, ట్యాగు దొరకనిది డబ్బాలోకి వెళ్లేది. ‘త్వరగా’ పోయింది. ‘పూర్తిగా’ కూడా పోయింది, ‘ఏ వేడిలో’ అనేది పక్కనే ఉంటే మాత్రం వెనక్కి రానిచ్చింది. చివరికి మిగిలింది ఇది:

‘ఇది కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్. వేడి పుట్టే పెద్ద కంపోస్టు కుప్పల్లో, తిరగేస్తూ ఉంటే పూర్తిగా కలిసిపోతుంది. ఇంటి కుండీలో, పొడి చెత్తలో, చెరువులో, రోడ్డు మీద వేయవద్దు. పశువులకు అందనివ్వవద్దు.’

ఆఖరి వాక్యం నేనే పట్టుబట్టి పెట్టించాను. వదిన కళ్లజోడు పైనుంచి చూసింది. “దీనికి కాగితం ఏది?”

ఫోనులో మేడమ్‌ని అడిగాం. “అది క్లెయిమ్ కాదండీ, హెచ్చరిక. ఉంచేయండి,” అంది. “ఆవు మొత్తానికి లేబుల్ ఎక్కిందన్నమాట,” అని నవ్వింది కూడా.

మొదటి లాటు అచ్చయి వచ్చిన రోజు వదిన మైక్రోమీటర్ పెట్టి కొలిచింది, ముద్ర చూసింది, కొత్త ట్యాగు రాసింది. గుళికలు ఎక్కడివి, మెషిన్ ఎవరు నడిపారు, మందం ఎంత, ఎవరు కొలిచారు. కింద తన సంతకం. తర్వాత ఇంకో గీత గీసి ట్యాగుని నా వైపు తోసింది.

“ఇదేమిటి?”

“రాసినవాడు.”

ఊరగాయ మీద, అగరుబత్తుల మీద, సబ్బుల మీద, ముప్పై ఏళ్లలో నేను రాసినదాని కింద నా పేరు ఎక్కడా లేదు. ఉండకూడదని నేనే చూసుకున్నాను. కలం తీసుకుని, ఆ నాలుగు వాక్యాలు మళ్లీ చదివాను. ఇంకోసారి చదివాను. మెషిన్ మీద ముగ్గురూ పని ఆపి చూస్తున్నారు.

“ఎంతసేపప్పా? లాటు పోవాల,” అంది వదిన.

సంతకం పెట్టాను. ఆమె దారం ముడివేసి, ట్యాగుని సంచుల కట్టకి కట్టి, మోసుకెళ్లడానికి బయట ఆటో పిలిచింది.